అడాప్టోజెన్ అంటే ఏంటి? అశ్వగంధ ప్యాకెట్ మీద ఆ మాట రాసే ముందు ఒకసారి ఇది చదవండి

పై వీడియోలో అశ్వగంధ వేరు తవ్వడం, కడగడం, ఎండబెట్టి గ్రేడ్ చేయడం చూశారు. వీడియో చివర్లో రైతు చేతిలో ఒక పౌడర్ ప్యాకెట్ కనిపిస్తుంది. దాని గురించి వీడియోలో ఎక్కువ మాట్లాడలేకపోయాం. ఆ ప్యాకెట్ కథే ఇది.

అనంతపురం వైపు ఎర్ర నేలలో, వర్షాధారంగా ఎకరంన్నరలో అశ్వగంధ వేశాడాయన. మన వాళ్లు పెన్నేరు గడ్డ అంటారు కదా, అదే. వేరుగా అమ్మితే వచ్చేదానికన్నా పొడి కొట్టి సొంతంగా అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయని ఆలోచించాడు. ఆ ఆలోచనలో తప్పేం లేదు. లేబుల్ డిజైన్ చేయమని టౌన్‌లో ఒక కుర్రాడికి ఇచ్చాడు. ఆ కుర్రాడు ఫోన్‌లో వెతికి పెద్ద అక్షరాలతో ఇలా పెట్టాడు: "పవర్‌ఫుల్ అడాప్టోజెన్. ఒత్తిడి, నిద్రలేమి, షుగర్, థైరాయిడ్ అన్నిటికీ. సైడ్ ఎఫెక్ట్స్ లేవు."

షూటింగ్ అయిపోయాక ఆయన నన్ను పక్కకి పిలిచి రెండు ప్రశ్నలు అడిగాడు. "అన్నా, ఈ అడాప్టోజెన్ అంటే ఏంది? ఎవురన్నా అడిగితే నేనేం చెప్పాల?" అన్నది మొదటిది. "మా పెద్దమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటాది. లేబుల్ మీద థైరాయిడ్ అని ఉంది కదా, ఆమెకు ఇయ్యొచ్చా?" అన్నది రెండోది.

రెండో ప్రశ్నకు అప్పుడే "వద్దన్నా, ఆగు" అన్నాను. ఎందుకు వద్దన్నానో సరిగా చెప్పాలంటే మొదటి ప్రశ్న నుంచే రావాలి.

ఆ మాట ఎక్కడ పుట్టింది

చాలామంది అడాప్టోజెన్ అనేది ఆయుర్వేదం మాటకి ఇంగ్లిష్ పేరు అనుకుంటారు. కాదు. అది సోవియట్ రష్యాలో పుట్టింది. 1947లో నికొలాయ్ లాజరెవ్ అనే శాస్త్రవేత్త ఆ మాటను మొదట వాడాడు. ఆయన వాడింది ఏ మొక్క గురించో కాదు. డిబజోల్ అనే మందు గురించి. అది ఫ్యాక్టరీలో తయారయ్యే, రక్తనాళాలను వదులు చేసే మందు. ఒక ఫలానా రోగానికి కాకుండా, మొత్తంగా ఒంటికి తట్టుకునే శక్తిని పెంచే పదార్థాలు ఉంటాయన్నది ఆయన ఊహ. అలా "అడాప్ట్" అయ్యేలా చేసేది కాబట్టి అడాప్టోజెన్ అన్నాడు.

అంతకు పదేళ్ల ముందే, 1936లో, హాన్స్ సెల్యే అనే ఆయన ఎలకల మీద పనిచేస్తూ ఒక సంగతి రాశాడు. చలి అయినా, దెబ్బ అయినా, విషం అయినా, ఒంటి మీద ఏ ఒత్తిడి పడ్డా శరీరం ఇంచుమించు ఒకే తీరులో స్పందిస్తుందన్నాడు. ముందు ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, ఒత్తిడి ఆగకపోతే చివరికి చేతులెత్తేస్తుంది. అడాప్టోజెన్ అనే ఆలోచన ఈ మధ్య దశని పొడిగించగలమా అన్న ఆశ మీద నిలబడింది.

మొక్కల్లోకి దీన్ని తెచ్చింది వ్లాదివొస్తోక్‌లో పనిచేసిన ఇజ్రాయెల్ బ్రెఖ్మన్. ఆయన మొదట జిన్సెంగ్ మీద పనిచేశాడు. జిన్సెంగ్ దొరకడం కష్టం, ఖరీదెక్కువ. అందుకే దాని దగ్గరి చుట్టమైన ఎల్యూథెరో అనే ముళ్ల పొద మీదికి వెళ్లాడు. అక్కడి అడవుల్లో అది బాగా దొరుకుతుంది. బ్రెఖ్మన్, ఆయనతో పనిచేసిన దర్దిమోవ్ కలిసి 1969లో రాసిన వ్యాసం ఈ మాటని ప్రపంచానికి పరిచయం చేసింది.

అశ్వగంధ ఈ జాబితాలోకి తర్వాత చేరింది. మన దగ్గర దానికి వేరే పేరు, వేరే లెక్క ముందు నుంచీ ఉన్నాయి. చరక సంహిత చికిత్సా స్థానంలో మొదటి అధ్యాయమే రసాయనం మీద. అక్కడ రసాయనం అంటే ఒక పొడి చెంచాడు తినడం కాదు. ముందు శోధన, తర్వాత ఆహారం, నడవడి, మనిషి వయసు, బలం, ఇవన్నీ చూసుకుని చేసే పద్ధతి. దాన్ని "అడాప్టోజెన్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అటు ఆయుర్వేదానికీ, ఇటు సైన్సుకీ రెంటికీ అన్యాయమే.

ఆ మాట ఇచ్చే మూడు హామీలు

బ్రెఖ్మన్, దర్దిమోవ్ ఒక పదార్థం అడాప్టోజెన్ అనిపించుకోవాలంటే మూడు లక్షణాలు ఉండాలన్నారు. ఒకటి, దాని వల్ల ఒంటికి హాని ఉండకూడదు. రెండు, ఏదో ఒక రకం ఒత్తిడికే కాకుండా చలికి, అలసటకి, విషానికి, అన్నిటికీ తట్టుకునేలా చేయాలి. మూడు, ఎక్కువైనదాన్ని తగ్గించాలి, తక్కువైనదాన్ని పెంచాలి. అంటే బీపీ ఎక్కువుంటే దించాలి, తక్కువుంటే ఎక్కించాలి, రెండూ అదే పదార్థం చేయాలి.

ఇప్పుడు మళ్లీ మన రైతు లేబుల్ చూడండి. "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అన్నది మొదటి హామీ. "అన్నిటికీ" అన్నది రెండోది. "థైరాయిడ్" అని ఊరికే రాశారు గానీ, ఎక్కువ థైరాయిడ్‌కా తక్కువ థైరాయిడ్‌కా రాయలేదు. అది మూడోది. డిజైన్ చేసిన కుర్రాడికి బ్రెఖ్మన్ ఎవరో తెలియదు. అయినా ఆ మూడు హామీలూ ఆ మాటతో పాటు లేబుల్ మీదికి వచ్చేశాయి. ఆ మాటకున్న బలం అదే, ప్రమాదమూ అదే.

ఒక్కసారి ఆలోచించండి. ఎక్కువైతే తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది అన్న మాటని తప్పని ఎలా పరీక్షిస్తాం? పెరిగినా నిజమే అంటారు, తగ్గినా నిజమే అంటారు. ఏం జరిగినా గెలిచే పందెం అది. అలాంటి మాటని పరీక్షించాలంటే ఫలానా వాళ్లలో పెరగాలి, ఫలానా వాళ్లలో తగ్గాలి అని ముందే రాసుకుని, ఇద్దరి మీదా చూడాలి. యూరప్‌లో మందులను పర్యవేక్షించే ఏజెన్సీ 2008లో ఈ విషయం మీద ఒక పత్రం విడుదల చేసింది. దాని సారం ఏంటంటే, ఈ భావనకి ఇంకా స్పష్టత, రుజువు కావాలి, కాబట్టి మందుల వర్గం పేరుగా "అడాప్టోజెన్" అని వాడడం సరికాదు అని. అంటే బీపీ మందు, నొప్పి మాత్ర లాగా ఇది ఒక ఒప్పుకున్న వర్గం కాదు.

ఎలకలు ఎక్కువసేపు ఈదితే ఏం తేలినట్టు?

పాత రోజుల్లో ఎక్కువగా చేసిన పరీక్ష ఇది. కొన్ని ఎలకలకి మందు పడుతుంది, కొన్నిటికి పట్టదు. అన్నిటినీ నీళ్లలో వదులుతారు. మందు పడినవి అలసిపోకుండా ఎక్కువసేపు ఈదితే "తట్టుకునే శక్తి పెరిగింది" అని రాసుకుంటారు.

ఇందులో చిక్కు ఏంటంటే, హుషారెక్కించే ఏ పదార్థం ఇచ్చినా ఎలక ఎక్కువసేపు కాళ్లాడించొచ్చు. మనం రాత్రి నీళ్లు కట్టడానికి పోయే ముందు గట్టి టీ తాగి పోతాం. రెండు గంటలు ఎక్కువ మెలకువగా ఉంటాం. దాంతో మన ఒంటికి శక్తి పెరిగిందా? లేదు, అలసట తెలియలేదు అంతే. ఈత పరీక్ష ఆ రెంటికీ తేడా సులువుగా చెప్పలేదు. పైగా ఎలకకి ఇచ్చిన మోతాదు బరువు లెక్కన మనిషికి ఎంతవుతుందో, మనిషి కడుపులో అది అలాగే పనిచేస్తుందో లేదో వేరే చూడాలి. ఎలకల పరీక్ష ఒక దారి చూపిస్తుంది. ఆ దారిలో మనుషుల మీద పరీక్ష చేస్తేనే సంగతి తేలుతుంది.

హైదరాబాద్‌లో చేసిన పరీక్షని దగ్గరగా చూద్దాం

అశ్వగంధ విషయంలో ఎక్కువమంది చెప్పే పరీక్ష మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2012లో ఒక మానసిక వైద్య పత్రికలో వచ్చింది. ఒత్తిడితో బాధపడుతున్న 64 మంది పెద్దవాళ్లని తీసుకున్నారు. సగం మందికి అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే డమ్మీ మందు. దీన్నే ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది ఇస్తున్నారో తీసుకునే వాళ్లకి తెలియదు. అరవై రోజులు నడిచింది.

ఒత్తిడిని కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక వాడారు. "గత నెలలో పనులన్నీ మీ చేతులు దాటిపోతున్నట్టు ఎన్నిసార్లు అనిపించింది?" లాంటి ప్రశ్నలుంటాయి, వాటికి మార్కులేస్తారు. అశ్వగంధ తీసుకున్న వాళ్లలో ఆ మార్కులు 44 శాతం తగ్గాయి. డమ్మీ వాళ్లలో 5.5 శాతం తగ్గాయి. రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ మొదటి వాళ్లలో దాదాపు 28 శాతం, రెండో వాళ్లలో దాదాపు 8 శాతం తగ్గింది.

అంకెలు చూస్తే ఆనందంగానే ఉంటుంది. మన ఊరి పంట, మన ఊరి పరీక్ష. కానీ పొలంలో పంట చూసినట్టు దీన్నీ గట్టు మీద నుంచి కాకుండా లోపలికి దిగి చూడాలి.

మొదటిది, మనుషుల సంఖ్య. ఒక్కో వైపు ముప్పై చిల్లర మంది. నాలుగు సాళ్లలో దిగుబడి చూసి జిల్లా మొత్తానికి లెక్క కట్టినట్టే. దారి తెలుస్తుంది గానీ ఎంత అన్నది తేలదు. ఇంత చిన్న పరీక్షల్లో అరుదైన దుష్ప్రభావాలు అసలు కనపడవు. వెయ్యిలో ఒకరికి వచ్చే ఇబ్బంది 32 మందిలో ఎలా దొరుకుతుంది?

రెండోది, డమ్మీ వాళ్ల అంకె. ఇది చాలామంది గమనించరు. ఒత్తిడి, ఆందోళన లాంటి వాటి మీద పరీక్ష చేసినప్పుడు డమ్మీ మందు తీసుకున్న వాళ్లకి కూడా బాగానే తగ్గుతుంది. డాక్టరు పలకరిస్తాడు, వారానికోసారి ఫోన్ చేస్తారు, ఏదో తీసుకుంటున్నామన్న ధైర్యం ఉంటుంది. పైగా ఒత్తిడి బాగా ఎక్కువైనప్పుడే పరీక్షలో చేరతారు కాబట్టి ఎలాగూ కొంత తగ్గుతుంది. 2019లో 60 మంది మీద రోజుకి 240 మిల్లీగ్రాముల వేరే ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన పరీక్షలో డమ్మీ వాళ్లకి కూడా ఆందోళన మార్కులు ఇంచుమించు నాలుగో వంతు తగ్గాయి. 2012 పరీక్షలో డమ్మీ వాళ్లకి ఐదున్నర శాతమే తగ్గడం కొంచెం వింతగానే ఉంది. డమ్మీ అంకె కిందకి పోతే మందు అంకె దానంతట అదే గొప్పగా కనిపిస్తుంది. పక్క మడిలో ఏమీ వేయకపోయినా రావాల్సిన పంట రాకపోతే, మన మడి పంటకి మన ఎరువే కారణమని ఎలా చెప్తాం?

మూడోది, కార్టిసాల్. అది పొద్దున్నే ఎక్కువుండి సాయంత్రానికి తగ్గే హార్మోన్. అది ఒంటికి శత్రువు కాదు, పొద్దున లేచి పని చేయడానికి అది కావాలి. మామూలు హద్దుల్లో ఉన్నదాన్ని ఇంకాస్త తగ్గించడం వల్ల మనిషి ఆరోగ్యం బాగుపడిందని ఆ ఒక్క అంకెతో చెప్పలేం.

నాలుగోది, ఏది పరీక్షించారన్నది. ఒక కంపెనీ ఒక పద్ధతిలో తీసిన ఎక్స్‌ట్రాక్ట్. ఇలాంటి పరీక్షలు చాలావాటికి ఎక్స్‌ట్రాక్ట్ తయారుచేసే వాళ్లే సరుకు ఇస్తారు, కొన్నిటికి ఖర్చూ పెడతారు. అంత మాత్రాన అబద్ధమని కాదు. విత్తనం అమ్మే వాడే డెమో ప్లాట్ వేస్తే మనం ఎంత జాగ్రత్తగా చూస్తామో అంత జాగ్రత్తగా చూడాలి, అంతే.

అన్నీ కలిపి చూస్తే బలం ఎంత?

ఒక్క పరీక్షని పట్టుకుని తేల్చడం సరికాదు కాబట్టి చాలా పరీక్షలని కలిపి లెక్క వేస్తారు. 2022లో అలా 12 పరీక్షలని, సుమారు వెయ్యి మందిని కలిపి చూశారు. ఒత్తిడి, ఆందోళన రెండూ డమ్మీ కన్నా ఎక్కువ తగ్గాయని వచ్చింది. కానీ ఆ రుజువు నమ్మకం "తక్కువ" స్థాయిలోనే ఉందని ఆ పరిశోధకులే రాశారు. 2021లో నిద్ర మీద 5 పరీక్షలని, 400 మందిని కలిపి చూస్తే నిద్ర కొద్దిగా మెరుగైందని తేలింది. కొద్దిగా అన్నది ఇక్కడ ముఖ్యమైన మాట.

దీన్నిబట్టి నిజాయితీగా చెప్పగలిగింది ఇంత: అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్‌ని రెండు మూడు నెలలు తీసుకున్న కొంతమంది పెద్దవాళ్లలో ఒత్తిడి, నిద్ర కొంత మెరుగవుతున్నట్టు ఉంది. ఎంత మెరుగన్నది గట్టిగా తేలలేదు. ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో ఈ పరీక్షలు చెప్పవు, ఎందుకంటే అవి చాలావరకు ఎనిమిది నుంచి పన్నెండు వారాలే నడిచాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. "అశ్వగంధ వల్ల ఒత్తిడి కొంత తగ్గొచ్చు" అన్నది ఒక మాట. "అశ్వగంధ అడాప్టోజెన్" అన్నది వేరే మాట. మొదటిదానికి కాస్త రుజువుంది. రెండోదానికి, అంటే హాని లేదు, అన్నిటికీ పనిచేస్తుంది, రెండు వైపులా సరిచేస్తుంది అన్న మూడు హామీలకి కలిపి రుజువు లేదు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అమ్మడమే బజారులో జరుగుతోంది.

థైరాయిడ్ దగ్గర ఆ మాట ఎలా విరిగిపోయింది

ఇప్పుడు పెద్దమ్మ సంగతికి వద్దాం. 2018లో థైరాయిడ్ కాస్త మందగించిన 50 మంది మీద ఒక పరీక్ష జరిగింది. రోజుకి 600 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, ఎనిమిది వారాలు. వాళ్లలో థైరాయిడ్ హార్మోన్లు పెరిగాయి. సరే, తక్కువున్న వాళ్లకి పెరిగింది, మంచిదే అనుకుందాం. మరి ఎక్కువున్న వాళ్లకి తగ్గిస్తుందా? మూడో హామీ ప్రకారం తగ్గాలి. కానీ అశ్వగంధ వాడుతూ థైరాయిడ్ హార్మోన్ హద్దు దాటి పెరిగిపోయి ఆసుపత్రికి వచ్చిన వాళ్ల కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అంటే సరిపోయిన దగ్గర ఆగడం లేదు, ఒకే వైపు తోస్తున్నట్టుంది.

పెద్దమ్మ మాత్ర వేసుకుంటోంది అంటే, రక్తపరీక్ష చూసి డాక్టరు ఆమెకి సరిపడా మోతాదు కుదిర్చి ఉంటాడు. దాని మీద ఈ పొడి కూడా పడితే హార్మోన్ ఎక్కువైపోవచ్చు. అప్పుడు గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. తమాషా ఏంటంటే, ఆ నిద్ర పట్టకపోవడాన్ని చూసి ఇంకో చెంచా పొడి ఎక్కువ వేస్తారు. అందుకే ఆ రోజు "ఆగు" అన్నాను.

"హాని లేదు" అన్న మాట

పరీక్షల్లో ఎక్కువమందికి పెద్ద ఇబ్బందేమీ రాలేదు. కొందరికి కడుపులో తిప్పడం, విరేచనాలు, మగతగా ఉండడం. ఇది నిజం. కానీ లక్షల మంది వాడడం మొదలయ్యాక పరీక్షల్లో కనపడనిది బయటపడింది. అది కాలేయం సంగతి.

అమెరికా, ఐస్‌లాండ్ నుంచి ఐదు కేసులు 2020లో వచ్చాయి. తర్వాత 2023లో మన దేశం నుంచే ఒక నివేదిక వచ్చింది. అశ్వగంధ ఒక్కటే వాడి కాలేయం దెబ్బతిన్న 8 మంది గురించి అందులో ఉంది. వాళ్లలో కొందరికి ముందే కాలేయ జబ్బు ఉంది, అలాంటి ముగ్గురు చనిపోయారు. ఇది అరుదే. కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. సాధారణంగా వాడడం మొదలుపెట్టిన రెండు వారాల నుంచి పన్నెండు వారాల లోపు బయటపడుతుంది. ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం, ఇవి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా పొడి మానేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ప్యాకెట్ కూడా తీసుకెళ్లాలి. ఆకుపసరు అని ఇంకొకటి మొదలుపెట్టకూడదు.

గర్భిణులు తీసుకోకూడదు. డెన్మార్క్ 2023లో అశ్వగంధని నిషేధించింది. గర్భం, థైరాయిడ్, సెక్స్ హార్మోన్ల మీద ప్రభావం గురించిన భయాలే దానికి కారణం. ఆ నిషేధం అతిగా ఉందని మన దేశంలో చాలామంది వాదించారు, ఆ వాదనలో కొంత న్యాయం ఉండొచ్చు కూడా. ఏదేమైనా "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని ప్యాకెట్ మీద రాయడానికి మాత్రం ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఇక్కడ రైతులుగా మనకి నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. తరతరాలుగా లోపలికి వాడింది వేరు. ఆకులో విథాఫెరిన్-ఎ అనే పదార్థం ఎక్కువ, అది కణాలను దెబ్బతీయగలదు. ఎక్స్‌ట్రాక్ట్‌లో "విథనోలైడ్ శాతం" పెంచి చూపించడానికి ఆకు కలపడం మొదలైంది. 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకుని తయారీల్లో వాడొద్దని సలహా జారీ చేసింది. కాబట్టి పంట పీకేటప్పుడు ఎవరైనా వచ్చి "ఆకు, కాండం కూడా ఎండబెట్టి ఇవ్వండి, కిలో ఇంత ఇస్తాం" అంటే దేనికని అడగండి. మీ పొడిలో మాత్రం తల దగ్గర కోసేసి వేరు ఒక్కటే వేయండి.

వాళ్ల మిల్లీగ్రాములు, మన చెంచా

"పరీక్షలో 600 మిల్లీగ్రాములే ఇచ్చారు, మేం 5 గ్రాములు తింటున్నాం, ఇంకా బాగా పనిచేయాలి కదా" అని చాలామంది అంటారు. ఈ రెండూ ఒకటి కాదు. ఎక్స్‌ట్రాక్ట్ అంటే బోలెడంత వేరులోంచి తీసిన చిక్కటి సారం. 5 శాతం విథనోలైడ్లు ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ 600 మిల్లీగ్రాములు తీసుకుంటే 30 మిల్లీగ్రాముల విథనోలైడ్లు ఒంట్లోకి పోతాయి.

మన వేరు పొడిలో ఎంతుంటుంది? రకాన్ని బట్టి, నేలని బట్టి, ఎప్పుడు తవ్వామన్నదాన్ని బట్టి మారుతుంది, మామూలుగా ఒక శాతం లోపే. లెక్క కోసం అర శాతం అనుకుందాం. 5 గ్రాముల పొడిలో 25 మిల్లీగ్రాములు. పక్క చేలో 0.2 శాతమే ఉంటే అదే 5 గ్రాముల్లో 10 మిల్లీగ్రాములు. ఒకే చెంచా, ఒకే ఊరు, రెండున్నర రెట్ల తేడా. ల్యాబ్‌లో కొలిచే పద్ధతి మారితే ఆ అంకె కూడా మారుతుంది. ఆయుర్వేద ఫార్మకోపియాలో వేరు పొడి మోతాదు 3 నుంచి 6 గ్రాములని ఉంది. అది వైద్యుడు మనిషిని చూసి చెప్పే మోతాదు. ఎక్స్‌ట్రాక్ట్ మీద చేసిన పరీక్ష ఫలితాన్ని తీసుకొచ్చి మన పొడి ప్యాకెట్ మీద రాయడం మాత్రం కుదరదు.

చివరికి ప్యాకెట్ మీద ఏం రాశాడు

ఆయనతో కూర్చుని పాత లేబుల్ మీద ఒక్కో మాట కొట్టేసుకుంటూ పోయాం. అడాప్టోజెన్ పోయింది. షుగర్, థైరాయిడ్ పోయాయి. రోగాల పేర్లు రాసి అమ్మితే అది మందు కింద లెక్క, దానికి ఆయుష్ లైసెన్సు కావాలి. ఆయన దగ్గర లేదు. "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అన్నదాన్ని ఆయనే కొట్టేశాడు.

మిగిలింది ఏంటి? అశ్వగంధ వేరు పొడి, ఆకు కాండం కలపలేదు. ఏ ఊరు, ఏ నెలలో తవ్వింది, ఎప్పుడు పొడి కొట్టింది. రసాయనాలు వాడకుండా పండించింది. గర్భిణులు, థైరాయిడ్ లేదా కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ ఏవైనా మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా వాడొద్దు. ఇంతే. అమ్మడానికి కావాల్సిన లైసెన్సు సంగతి జిల్లా ఆఫీసులో కనుక్కున్నాకే ప్రింటుకి ఇస్తానన్నాడు.

"ఇట్ల రాస్తే ఎవురు కొంటారన్నా?" అని నవ్వాడు. ఆ అనుమానం నాకూ ఉంది. మొదటి విడత పొడి తక్కువే చేస్తానని, మిగతా వేరు గ్రేడ్ చేసి ఎప్పటిలాగే వ్యాపారికి వేస్తానని అన్నాడు. పెద్దమ్మకి మాత్రం పొడి ఇవ్వలేదు. వచ్చే నెల ఆమె థైరాయిడ్ పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరునే అడుగుతామన్నారు.

మీలో ఎవరైనా అశ్వగంధ పొడి ఇప్పటికే అమ్ముతుంటే మీ లేబుల్ ఒకసారి తీసి చూసుకోండి. వేరు ఎండబెట్టడం, గ్రేడింగ్ వివరాలు పై వీడియోలో పూర్తిగా ఉన్నాయి.